హిందీలో తప్పు దొర్లి సిగ్గేసినప్పుడు మీకు మీరు ఏం చెప్పుకోవాలి: పెద్దవాళ్ల కోసం సమగ్ర మార్గదర్శి

హైదరాబాద్‌లో ఏళ్ల తరబడి ఉంటూ, హిందీ సీరియల్ పెడితే అంతా అర్థమై, చిన్నప్పుడు హిందీ ప్రచార సభ పరీక్షల్లో ప్రాథమిక, మధ్యమ, రాష్ట్రభాష వరసగా పాసై కూడా, లిఫ్టులో పక్క ఫ్లాటావిడ "కైసీ హైఁ ఆప్?" అనగానే ఒక నవ్వు నవ్వి ఫోన్ వైపు చూసుకునేవాళ్లు ఈ ఊళ్లో కొల్లలు. సాయంత్రాలు నేను హిందీ మాట్లాడటం నేర్పేది ఇలాంటి పెద్దవాళ్లకే. వీళ్లకి మాటలు రాక కాదు, మాట బయటికొచ్చాక తప్పు దొర్లుతుందేమో, ఎదుటివాళ్లు నవ్వుతారేమో అన్న భయం. దానికి అఫర్మేషన్లు, అంటే మనకి మనమే పదే పదే చెప్పుకునే వాక్యాలు, పనికొస్తాయా అని అడిగితే, వస్తాయి, కానీ ఇన్‌స్టాగ్రామ్‌లో పూల బొమ్మల మీద కనిపించే రకం కాదు.

ముందు ఆ రకం ఎందుకు పనికిరాదో చెప్తాను. "నేను హిందీ అనర్గళంగా మాట్లాడతాను, నాకు ఏ భయమూ లేదు" అని అద్దం ముందు రోజూ అనుకోమంటారు. మీరు అంటారు. అన్న మరుక్షణం లోపలి నుంచి ఇంకో గొంతు "అబ్బో, నిన్న కిరాణా కొట్లో ఏమైందో మర్చిపోయావా?" అంటుంది. కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయంలో జోఆన్ వుడ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆమె సహచరులు 2009లో ప్రచురించిన పరిశోధనలో దాదాపు ఇదే తేలింది. "నేను ప్రేమించదగిన మనిషిని" అన్న వాక్యాన్ని పదే పదే చెప్పుకోమంటే, అప్పటికే తమ మీద తమకు చిన్నచూపు ఉన్నవాళ్లు, ఆ వాక్యం చెప్పుకోని వాళ్లకంటే దిగులుగా తయారయ్యారు. ఆ పరిశోధన భాష నేర్చుకోవడం గురించి కాదు గానీ, నా క్లాసులో నాకు కనిపించేది కూడా అదే. మనం నమ్మని మాట చెప్పుకుంటే మనసు దానికి ఎదురు సాక్ష్యాలు వెతుక్కుంటుంది.

కాబట్టి చెప్పుకునే మాట పొగడ్త కాకూడదు, నిజం కావాలి. అదీ ఫలానా తప్పు గురించిన నిజం. అది ఎలా తయారుచేసుకోవాలో మా వదిన ఉదాహరణతోనే చెప్తాను. ఆవిడ వయసు నలభై నాలుగు, తెనాలి వైపు మనిషి. బేగంబజార్‌లో ఒక హోల్‌సేల్ కొట్లో లెక్కలు రాస్తుంది. యజమాని నుంచి హమాలీల దాకా అక్కడ అందరి మాటా హిందీయే. ఒకరోజు తాగే నీళ్ల క్యాన్ అయిపోయింది, ఫోన్‌లో "పానీ ఖతమ్ హో గయీ, ఏక్ క్యాన్ భేజో" అంది. అనాల్సింది "హో గయా". కౌంటర్ దగ్గర కుర్రాడు "హో గయీ?" అని సాగదీశాడు, ఇద్దరు నవ్వారు. ఆ రోజంతా ఆవిడ మళ్లీ హిందీలో నోరు తెరవలేదు.

మొదటి మెట్టు: లోపల వచ్చిన వాక్యాన్ని ఉన్నదున్నట్టు రాయండి

అదే రోజు రాత్రి పడుకునే లోపు రాయాలి. మర్నాటికి అది "ఏదోలా అనిపించింది" అనే ముద్దగా మారిపోతుంది, దానితో పనేమీ జరగదు. ఏ మాట అన్నారు, ఎవరు విన్నారు, వాళ్లు ఏం చేశారు, ఆ క్షణంలో మీ తలలో ఏ వాక్యం మెదిలింది, ఈ నాలుగూ చాలు. వాక్యాన్ని మర్యాదగా దిద్దకండి. అది మీ ఇంటి యాసలో, తిట్టుతో సహా వచ్చి ఉంటే అలాగే రాయండి. వదిన రాసింది ఇదీ: "నలభై దాటాక నాకెందుకీ సంత, ఆ పిల్లాడి ముందు పరువు పోయింది, అందరూ నన్ను చూసి నవ్వుకుంటున్నారు, నాకు భాషలు రావు."

రెండో మెట్టు: దాన్ని మూడు ముక్కలు చేయండి

జరిగింది ఒక ముక్క, ఊహించింది ఒక ముక్క, ఇచ్చిన తీర్పు ఒక ముక్క. కాగితం మీద మూడు వరసలు గీసుకోండి. వదిన విషయంలో జరిగింది ఏమిటంటే, ఒక క్రియ చివర "ఆ" రావాల్సిన చోట "ఈ" వచ్చింది, ఒకడు ఆ మాట తిరిగి అన్నాడు, ఇద్దరు నవ్వారు, అరగంటలో క్యాన్ వచ్చింది. ఊహించింది "అందరూ నన్ను చూసి నవ్వుకుంటున్నారు". తీర్పు "నాకు భాషలు రావు".

ఈ పని చేస్తున్నప్పుడు చాలామంది ఒకటి వదిలేస్తారు, క్యాన్ వచ్చింది అన్న సంగతి. అంటే చెప్పింది అవతలివాళ్లకి అర్థమైంది. సిగ్గుపడుతున్న మనిషి జ్ఞాపకం ఎప్పుడూ నవ్వు దగ్గరే ఆగిపోతుంది, ఆ తర్వాత ఏమైందో రాయదు. అందుకే జరిగింది అన్న వరసలో "చివరికి పని అయిందా, లేదా" అన్నది తప్పకుండా రాయమంటాను. పని కాకపోతే కాలేదనే రాయండి, ఇది మనల్ని మనం బుజ్జగించుకునే కార్యక్రమం కాదు.

మూడో మెట్టు: ఆ తప్పు ఎందుకు వచ్చిందో కనిపెట్టండి

మిగతా మెట్లన్నీ దీని మీదే ఆధారపడ్డాయి, కాబట్టి ఇక్కడ కాస్త నెమ్మదిగా వెళ్దాం. అఫర్మేషన్ల గురించి చెప్పేవాళ్లు ఈ మెట్టును పూర్తిగా ఎగ్గొడతారు, అందుకే వాళ్లిచ్చే వాక్యాలు గాలిలో తేలుతుంటాయి.

పిట్ కోర్డర్ అనే బ్రిటిష్ భాషావేత్త 1967లో ఒక వ్యాసం రాశాడు. భాష నేర్చుకునేవాళ్ల తప్పులు చెత్త కాదు, వాళ్ల బుర్రలో ప్రస్తుతం ఏ నియమం నడుస్తోందో చూపించే ఆధారాలు అన్నది అందులో ముఖ్యమైన సంగతి. వదిన తప్పు సరిగ్గా అలాంటిదే. గాడీ, చాబీ, రోటీ, పర్చీ, ఇవన్నీ "ఈ"తో ముగుస్తాయి, ఇవన్నీ స్త్రీలింగాలు. ఆవిడ బుర్ర వీటి నుంచి ఒక నియమం పట్టుకుంది, "ఈ"తో ముగిస్తే "గయీ" అనాలని. నియమం మంచిదే, చాలా మాటలకి సరిపోతుంది కూడా. పానీ, ఘీ, దహీ, మోతీ లాంటి కొన్ని మాత్రం దానికి లొంగకుండా పుంలింగంలో కూర్చున్నాయి. అంటే ఆ తప్పు నియమం తెలియక వచ్చింది కాదు, నియమం తెలిసినందుకు వచ్చింది. హిందీ అసలు రాని మనిషి ఈ తప్పు చేయలేడు.

ఇంకో కోణం చూడండి. తెలుగులో "ఆవిడ వచ్చింది, బస్సు వచ్చింది, జీతం వచ్చింది" అంటాం, క్రియ ఒకటే. వస్తువు ఆడా మగా అని మనం పుట్టినప్పటి నుంచి ఒక్కసారి కూడా ఆలోచించి ఉండం. హిందీలో ప్రతి వాక్యం మధ్యలో ఆగి, ఇది ఆడా, మగా అని తేల్చుకోవాలి. బస్ ఆయీ, మాల్ ఆయా, బిల్ ఆయా, రసీద్ ఆయీ. అదనంగా ఒక ప్రశ్నకి జవాబు చెప్పుకుంటూ మాట్లాడుతున్నవాళ్లు అక్కడక్కడా తడబడటంలో వింతేముంది?

రెండో పెద్ద గొడవ "నే". "మైఁనే రోటీ ఖాయీ" అని మగవాడు కూడా అనాలి, ఎందుకంటే అక్కడ క్రియ తిన్నవాణ్ణి వదిలేసి రొట్టె వెంట పోతుంది. మనవాళ్లు "మైఁ రోటీ ఖాయా" అంటారు. తమాషా ఏమిటంటే చార్మినార్ చుట్టుపక్కల పుట్టి పెరిగిన దక్కనీ మాట్లాడేవాళ్లు కూడా "నే" లేకుండానే హాయిగా మాట్లాడతారు, "మేరే కో మాలూమ్" అంటారు, "నక్కో" అంటారు, "హౌ" అంటారు. కాబట్టి ఆటో అన్న దగ్గర మీ "నే" జారిపోతే ఆయన గమనించనే గమనించడు. ఢిల్లీ నుంచి వచ్చిన ఆడిటర్ గమనించవచ్చు. మీ తప్పు ఏ పుస్తకం ప్రకారం తప్పు, ఏ వీధిలో మామూలు మాట అన్నది తెలుసుకుంటే సగం టెన్షన్ అక్కడే దిగిపోతుంది.

కారణం మీకు మీరే కనిపెట్టలేకపోతే హిందీ బాగా వచ్చిన ఒకరిని "ఇది తప్పా?" అని కాకుండా "నేను ఇలా ఎందుకు అని ఉంటాను?" అని అడగండి. మొదటి ప్రశ్నకి అవును అన్న జవాబే వస్తుంది. రెండోదానికి కారణం దొరుకుతుంది.

నాలుగో మెట్టు: వాక్యం కట్టండి

ఇప్పుడు చేతిలో సరుకు ఉంది. వాక్యానికి నేను మూడు పరీక్షలు పెడతాను. ఒకటి, ఎదుటి పక్షం లాయరు లేచి "అభ్యంతరం" అనడానికి వీల్లేకుండా ఉండాలి. రెండు, అందులో ఫలానా మాట, ఫలానా చోటు కనిపించాలి. మూడు, చివర ఒక్క నిమిషంలో చేయగలిగే పని ఉండాలి.

"నా తప్పులను నేను ప్రేమిస్తాను" మొదటి పరీక్షలోనే పోయింది. ఎవరు ప్రేమిస్తారండీ, నేనైతే ప్రేమించను. "తప్పులు చేస్తేనే నేర్చుకుంటాం" నిజమే గానీ రెండో పరీక్షలో పోతుంది, ఈత నేర్చుకునేవాడికీ వంట నేర్చుకునేవాడికీ అదే చెప్పొచ్చు. వదిన, నేను కూర్చుని కట్టింది ఇదీ:

"'ఈ'తో ముగిసే మాటలకి గయీ అనాలని నాకు తెలుసు కాబట్టే పానీ దగ్గర జారాను. నేను చెప్పింది అర్థమైంది, క్యాన్ వచ్చింది. రేపు ఒకసారి పానీ మాట నేనే తీసుకొచ్చి గయా అంటాను."

చదవడానికి గొప్పగా ఏమీ లేదు, గోడకి అతికించుకునే సరుకు కాదు. కానీ కాదనడానికి ఒక్క ముక్క లేదు.

"నాకు భాషలు రావు" అన్న తీర్పుకి విడిగా జవాబు కావాలి. దానికి ఎదురుగా "నాకు భాషలు వస్తాయి" అని రాయకండి, మళ్లీ లాయరు లేస్తాడు. వదిన రాసుకున్నది: "యజమాని చెప్పిన ఆర్డరు విని తప్పు లేకుండా బిల్లు రాస్తున్నాను. వినడం వచ్చింది, మాట్లాడటం వెనకబడింది." వయసు గురించైతే ఇలా రాసుకోవచ్చు: "నా యాస హిందీవాళ్లలా మారకపోవచ్చు, మాటలూ వ్యాకరణమూ మాత్రం ఈ వయసులోనూ వస్తాయి." ఉచ్చారణలో పిల్లలదే పైచేయి గానీ, మొదటి నెలల్లో వ్యాకరణాన్ని పెద్దవాళ్లే త్వరగా అందుకుంటారని భాషా పరిశోధకులు ఎప్పటి నుంచో గమనిస్తున్నదే.

ఇంకో చిట్కా. వాక్యం "నేను" అని పట్టకపోతే "నువ్వు" అని, మీ పేరు పెట్టి రాసి చూడండి. ఈథన్ క్రాస్ అనే పరిశోధకుడి బృందం 2014లో ప్రచురించిన ప్రయోగాల్లో, ప్రసంగానికి సిద్ధమయ్యేటప్పుడు తమతో తాము పేరు పెట్టో "నువ్వు" అనో మాట్లాడుకున్నవాళ్లకి "నేను" అనుకున్నవాళ్లకంటే ఆందోళన తక్కువగా ఉంది. మన ఇళ్లలో పెద్దమ్మ ఎలా అంటుందో అలా అనుకోండి, "ఏమ్మా, క్యాన్ వచ్చిందిగా, ఇంకెందుకు ఆ మొహం?" అని. కొందరికి ఇది భలే పనిచేస్తుంది, కొందరికి నవ్వొస్తుంది. నవ్వొచ్చినా నష్టం లేదు.

ఐదో మెట్టు: వాక్యాన్ని ఒక క్షణానికి కట్టేయండి

పొద్దున్నే పదిసార్లు చదివిన వాక్యం మధ్యాహ్నం నవ్వు వినపడగానే గుర్తుకు రాదు. అందుకే "ఇలా అయితే, ఇలా చేస్తాను" అన్న రూపంలో పెట్టుకోవాలి. పీటర్ గోల్‌విట్సర్ అనే మనస్తత్వవేత్త 1990ల నుంచి చేసిన పరిశోధనల సారం ఇదే. ఏ సందర్భంలో ఏం చేస్తామో ముందే ముడివేసుకుంటే, ఉత్తి సంకల్పం కంటే ఎక్కువసార్లు ఆ పని జరుగుతుంది.

సిగ్గుకి సంబంధించి ముఖ్యమైన క్షణం తప్పు దొర్లిన వెంటనే వచ్చే రెండు మూడు సెకన్లు. అక్కడ మనసులో చెప్పుకునే మాటకంటే పైకి అనే మాట ఎక్కువ పనిచేస్తుంది, అదీ హిందీలోనే. "ఎవరైనా నవ్వితే లేదా దిద్దితే, సరైన ముక్కతో వాక్యం మళ్లీ చెప్పి, నా పని పూర్తిచేస్తాను." వదినకి ఇది ఇలా మారింది: "హాఁ, హో గయా. పానీ ఖతమ్ హో గయా. ఏక్ క్యాన్ భేజో." సారీ లేదు, సంజాయిషీ లేదు. మాట దొరకక ఆగిపోయే సందర్భానికి ఇంకో వాక్యం పెట్టుకోండి, "ఏక్ మినట్, మైఁ హిందీ సీఖ్ రహీ హూఁ". మగవాళ్లయితే "సీఖ్ రహా హూఁ". ఇక్కడా లింగం వదలదు, కాబట్టి ఇంట్లో గట్టిగా అని నోటికి అలవాటు చేసుకుని వెళ్లండి.

దీనితోపాటు ఒకటి మానేయాలి. మనలో చాలామంది ప్రతి సంభాషణా "మేరీ హిందీ అచ్ఛీ నహీఁ హై" అని మొదలుపెడతారు. అది వినయం అనుకుంటారు. నా లెక్కలో అది రోజుకి పదిసార్లు పైకి చదువుకునే చెడ్డ అఫర్మేషన్. పైగా గమనించారా, ఆ వాక్యంలో "మేరీ", "అచ్ఛీ" రెండింటికీ లింగం ఎవరూ తప్పు చెప్పరు. ఎందుకంటే దాన్ని వేలసార్లు అని ఉన్నారు. అంటే అన్ని సార్లు అంటే ఏ వాక్యమైనా నోటికి వస్తుందన్నమాట, మరి ఆ సాధనేదో "పానీ ఆ గయా"కి ఇవ్వండి.

రెండో క్షణం రాత్రి. దీపాలార్పాక అదే దృశ్యం తలలో మళ్లీ మళ్లీ తిరిగే సమయం. దానికి: "ఆ నవ్వు గుర్తొస్తే, క్యాన్ వచ్చింది అనుకుని, రేపు ఏ వాక్యంలో గయా అంటానో ఒకటి ఎంచుకుంటాను." ఒక్కటి చాలు, ఎంచుకున్నాక ఆపేయండి. రిహార్సల్ పదిసార్లు చేస్తే నిద్ర పాడవుతుంది.

ఆరో మెట్టు: పనిచేస్తోందో లేదో చూడండి, పాతబడితే మార్చండి

ఒకేసారి మూడు వాక్యాలకి మించి పెట్టుకోవద్దు. చిన్న కాగితం మీద రాసి పర్సులోనో ఫోన్ కవర్ వెనకో ఉంచండి. పనిచేస్తోందా అన్నదానికి "ధైర్యంగా అనిపిస్తోందా?" అని చూడకండి. అనిపించడం ఆలస్యంగా వస్తుంది, కొందరికి రానే రాదు. చూడాల్సింది ఒకటే, తప్పు దొర్లాక మళ్లీ హిందీలో నోరు తెరవడానికి ఎంతసేపు పట్టింది. వదినకి మొదట ఒక రోజంతా పట్టింది. తర్వాత భోజనం వేళ దాకా, ఆ తర్వాత అదే ఫోన్ కాల్‌లోనే. తప్పుల సంఖ్య మాత్రం మొదట్లో పెరిగింది, ఎందుకంటే ఎక్కువ మాట్లాడింది. ఇది ముందే తెలుసుకోకపోతే "చూశావా, ఇంకా దిగజారాను" అనుకుంటారు.

గాడి తప్పడం రెండు రకాలుగా జరుగుతుంది. వాక్యం చదువుతుంటే కళ్లు జారిపోతున్నాయి, ఏమీ తగలడం లేదంటే అది పాతబడింది. పానీ గొడవ తీరిపోయింది, ఇప్పుడు మిమ్మల్ని కొరుకుతున్నది బహుశా "ఆప్, తుమ్" తికమక. కొత్త తప్పుకి మళ్లీ మొదటి మెట్టు నుంచి రండి. రెండోది కాస్త ప్రమాదం, వాక్యం సాకుగా మారడం. "ఇక్కడ అందరూ 'నే' లేకుండానే మాట్లాడతారుగా" అని ఏడాదిగా అంటూ, ఆఫీసులో పై అధికారితో మాట్లాడటానికి ఆ "నే" అవసరమని తెలిసి కూడా నేర్చుకోకపోతే, ఆ వాక్యం మిమ్మల్ని కాపాడటం లేదు, దాచిపెడుతోంది. గుర్తుపట్టడం సులువు, వాక్యం చివర చేయాల్సిన పని మాయమై ఉంటుంది.

ఇవి పనిచేయని చోట్లు

అఫర్మేషన్ వ్యాకరణం నేర్పదు. ఏ మాట ఏ లింగమో నేర్చుకోవాల్సిందే, మాటని ఒంటరిగా కాకుండా "ఠండా పానీ", "నయీ గాడీ" అని జంటగా నేర్చుకుంటే త్వరగా పడుతుంది. మన పదో తరగతిలో హిందీకి పాస్ మార్కులు 20 మాత్రమే, కాబట్టి పునాది బలహీనంగా ఉందంటే అది మీ ఒక్కరి సంగతి కాదు.

ఎదుటివాడు నిజంగానే పనిగట్టుకుని రోజూ ఎగతాళి చేస్తుంటే అది మీ మనసులో సరిదిద్దుకోవాల్సిన సమస్య కాదు, వాడిది. వదిన ఒక రోజు ఆ కుర్రాడితో మామూలు గొంతుతో "గలత్ బోలూఁ తో సహీ బతా దో, హఁసో మత్" అంది. వాడు ఆ తర్వాత దిద్దడం మొదలుపెట్టాడు. అందరూ అలా మారరు, మారనివాళ్ల దగ్గర పని వరకే మాట్లాడి, సాధన ఇంకొకరితో చేయండి. కూరగాయల బండి దగ్గర, ఆటోలో, మిమ్మల్ని మళ్లీ చూడని మనుషులతో మొదలుపెట్టడం తేలిక.

ఇక హిందీ అనే కాదు, నలుగురి ముందు ఏ భాషలో మాట్లాడాలన్నా గుండె దడదడలాడి, చెమటలు పట్టి, దానికోసం ఉద్యోగాలూ పెళ్లిళ్లూ ఎగ్గొట్టే స్థితి ఉంటే కాగితం మీద మూడు వాక్యాలు సరిపోవు. కౌన్సిలర్‌ని కలవాలి. ప్రభుత్వం నడిపే టెలీ మానస్ హెల్ప్‌లైన్ నంబరు 14416, డబ్బులు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు.